డెబ్బై అక్షరాల టైటిల్, రెండు వరుసల నమ్మకం

అమెరికాలోని ఒహైయోలో ఇంటి దగ్గరే సువాసన కొవ్వొత్తులు తయారుచేసి షాపిఫైలో అమ్ముకునే ఒకావిడ ఉందనుకుందాం. అమ్మకాలు బాగానే ఉన్నాయి, పద్దులే దారి తప్పాయి. బ్యాంకులో పడిన డబ్బుకీ క్విక్‌బుక్స్‌లో కనిపించే అమ్మకాలకీ పొంతన లేదు. ఏప్రిల్ 15 లోపు ఆదాయపు పన్ను రిటర్ను వేయాలి, ఆమె సీపీఏ ఏమో ముందు లెక్కలు సరిచేయించుకుని రమ్మన్నాడు. ఆవిడ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, అప్‌వర్క్ తెరిచి, వెతుకుడు పెట్టెలో రెండు మూడు మాటలు కొడుతుంది.

ఇటు విజయవాడలో, గవర్నర్‌పేటలోని ఒక ఆడిటర్ ఆఫీసులో నాలుగేళ్లు ట్యాలీ మీద పనిచేసిన ఒకమ్మాయి ఉందనుకుందాం. సీఏ ఇంటర్ పాసైంది. క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ సొంతంగా నేర్చుకుంది. బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని వరుసవరుసా సరిపోల్చే పనిలో చెయ్యి తిరిగినది. అప్‌వర్క్‌లో ఖాతా తెరిచింది కానీ ఒక్క పనీ చేసి లేదు, ఒక్క రివ్యూ లేదు. ఒహైయో ఆవిడకు కావలసిన మనిషి సరిగ్గా ఈమే. వీళ్లిద్దరూ ఒకరికొకరు తారసపడాలంటే మధ్యలో ఉన్నవి టైటిల్ అనే ఒక్క వరుస, ఓవర్‌వ్యూ అనే పరిచయం. ఈ వ్యాసమంతా ఆ రెండింటి గురించే.

ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సంస్థలు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అని పేరు మార్చుకున్నాయి. అక్కడ టైటిల్‌కు 70 అక్షరాలు మించకూడదు. ఓవర్‌వ్యూకు 5000 అక్షరాల దాకా చోటుంది. కానీ వెతికినప్పుడు వచ్చే జాబితాలో క్లయింటుకు ఆ 5000 కనిపించవు. ఫొటో, పేరు, టైటిల్, గంట ధర, దేశం, పరిచయంలోని మొదటి రెండు మూడు వరుసలు మాత్రమే కనిపిస్తాయి. ఫోన్‌లో చూస్తే ఇంకా తక్కువ. మిగతాది చదవాలంటే ఆవిడ నొక్కి లోపలికి రావాలి. అంటే పరిచయంలో మొదటి రెండు వరుసల పని వేరు, తరువాతి భాగం పని వేరు.

మన దగ్గర కొత్తవాళ్లు రాసే టైటిల్ ఎక్కువగా ఇలా ఉంటుంది:

```
Hardworking Accountant | Tally | Data Entry | Excel | Fast Learner
```

ఇందులో 66 అక్షరాలున్నాయి. ఒహైయో ఆవిడ వైపు నుంచి చూడండి. కష్టపడి పనిచేసేవాళ్లు కావాలని వెతుకుడు పెట్టెలో ఎవరూ కొట్టరు. త్వరగా నేర్చుకుంటానంటే ఇంకా రాదని ఒప్పుకున్నట్టు చదువుతారు, పైగా తన పద్దుల మీద నేర్చుకోబోతున్నారని భయపడతారు. ట్యాలీ మనకు అన్నం పెట్టిన సాఫ్ట్‌వేరే. కానీ అమెరికాలో చిన్న దుకాణదారు దాని పేరే విని ఉండకపోవచ్చు. డేటా ఎంట్రీ అన్న మాట పద్దులు రాసే మనిషిని టైపింగ్ మనిషిగా మార్చేస్తుంది, గంట ధరనూ కిందికి లాగుతుంది. ఎక్సెల్ అందరూ రాసేదే. చివరికి ఆ వరుసలో ఆవిడకు పనికొచ్చేది అకౌంటెంట్ అన్న ఒక్క మాట. ఆ మాటతో వేలమంది ఉంటారు.

మరి ఏం రాయాలి? దీనికి సమాధానం మన బుర్రలో కాదు, క్లయింట్లు పెట్టే పని ప్రకటనల్లో ఉంటుంది. క్విక్‌బుక్స్ అని కొట్టి, వచ్చిన ప్రకటనల్లో ఓ ఇరవై చదవండి. ప్రతిదానిలో వాళ్లు తమ కష్టాన్ని ఏ మాటతో చెబుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. మనం పాఠ్యపుస్తకంలో చదివిన మాటలు అక్కడ తక్కువ. ఫైనలైజేషన్ ఆఫ్ అకౌంట్స్ అని మన ఆఫీసుల్లో రోజూ అంటాం, వాళ్లు అనరు. చిందరవందరైన పద్దుల్ని సరిచేయడాన్ని వాళ్లు క్లీనప్ అంటారు. నెలల తరబడి రాయకుండా వదిలేసినవి రాయించుకోవడాన్ని క్యాచప్ అంటారు. బ్యాంకుతో సరిపోల్చడం మటుకు మనకూ వాళ్లకూ రీకన్సిలియేషనే. ఆ కాగితం మీద మళ్లీ మళ్లీ వచ్చిన మాటల్లో, మీరు నిజంగా చేయగలిగినవి టైటిల్‌కు అర్హమైనవి. మన అమ్మాయి అలా ఏరుకుంటే వచ్చే టైటిల్ ఇది:

```
QuickBooks Online Bookkeeper | Cleanup & Bank Reconciliation | Shopify
```

లెక్కపెట్టండి, ఖాళీలతో కలిపి సరిగ్గా 70. ఇందులో వరుస క్రమానికి కారణం ఉంది. ఎక్కువమంది వెతికే మాట, అంటే సాఫ్ట్‌వేర్ పేరూ వృత్తి పేరూ, ముందున్నాయి. చిన్న తెర మీద చివర కొంత తెగిపోయినా అసలు సంగతి పోదు. మధ్యలో ఉన్నది చేసే పని. చివర ఉన్నది ఎవరికి చేస్తుందో చెప్పే మాట. షాపిఫై అన్న ఆ ఒక్క మాట చూసి వైద్యుడి క్లినిక్కువాళ్లు పక్కకు పోతారు. పోనివ్వండి. షాపిఫై దుకాణదారు మాత్రం ఆగుతుంది. అందరికీ సరిపోయే టైటిల్ పెట్టుకున్నవాళ్లకు అనుభవజ్ఞులతో పోటీ, ఆ పోటీలో సున్నా రివ్యూలున్న మనిషి నెగ్గడం కష్టం. ఒక చిన్న గుంపుకి సరిగ్గా అతికే టైటిల్ ఉన్నప్పుడు ఆ తేడా కొంత తగ్గుతుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

అప్‌వర్క్ ఎవరిని ముందు చూపాలన్నది ఏ లెక్కతో తేలుస్తుందో పూర్తిగా బయటపెట్టదు. టైటిల్‌లో, పరిచయంలో, ఎంచుకున్న నైపుణ్యాల్లో క్లయింటు మాటలు ఉండటం అవసరం, అది మాత్రం ఖాయం. నైపుణ్యాలు మనం రాసేవి కావు, జాబితాలోంచి ఎంచుకునేవి, 15 దాకా. టైటిల్‌లో చెప్పినదాన్ని ఇవి బలపరచాలి. టైటిల్‌లో క్విక్‌బుక్స్ అని, నైపుణ్యాల్లో ఫొటోషాప్, కంటెంట్ రైటింగ్ పెడితే చదివే మనిషికి అనుమానం వస్తుంది. ఒకే మాటను పరిచయంలో పదిసార్లు తిప్పి తిప్పి రాయడం కూడా అలాంటిదే. వెతుకులాటలో కనిపించినా, లోపలికి వచ్చిన మనిషి రెండో వాక్యానికే వెళ్లిపోతుంది. రెండు వేర్వేరు వృత్తులు నిజంగా ఉంటే ఒకే టైటిల్‌లో ఇరికించక్కర్లేదు, వాటికి విడి ప్రొఫైళ్లు పెట్టుకునే వీలును అప్‌వర్కే ఇస్తుంది.

ఇక పరిచయం. మన రెజ్యూమె అలవాటు ఇక్కడ చాలా నష్టం చేస్తుంది. పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం ఆశిస్తున్నాను అని మొదలుపెట్టడం కాలేజీలో నేర్పారు. ఆ వాక్యం ఉద్యోగం అడిగే మనిషి గురించి మాట్లాడుతుంది. ఒహైయో ఆవిడకు ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం లేదు, ఆమెకు రాత్రి నిద్ర పట్టనివ్వని లెక్క ఒకటుంది. మొదటి రెండు వరుసలు ఆ లెక్క గురించి మాట్లాడాలి:

```
Shopify payouts not matching your QuickBooks sales?
I separate sales, refunds, fees and sales tax,
and reconcile every month to the bank statement.
```

ఇవి 150 అక్షరాల లోపే. జాబితాలో లోపలికి నొక్కకుండానే కనిపించేంత చిన్నవి. మొదటి వాక్యం ఆవిడ నోట్లోంచి వచ్చినట్టే ఉంది. రెండోది ఈ అమ్మాయికి ఆ చిక్కు ఎక్కడ పడుతుందో తెలుసని చూపిస్తుంది. అనుభవం ఉందని చెప్పుకోలేదు, అయినా ఉందని తెలిసిపోయింది. ఎందుకో అర్థం కావాలంటే ఆ చిక్కేమిటో దగ్గరగా చూడాలి.

ఒక నెలలో దుకాణం 1000 డాలర్ల కొవ్వొత్తులు అమ్మింది. కొన్నవాళ్ల దగ్గర అమ్మకపు పన్ను 70 డాలర్లు వసూలైంది. నచ్చక తిప్పి పంపినవాళ్లకు 50 డాలర్లు వెనక్కి ఇచ్చారు. కార్డు చార్జీల కింద 32 డాలర్లు పోయాయి. వాపసుల మీది పన్ను సంగతి తేలిక కోసం పక్కన పెడదాం. షాపిఫై ఇవన్నీ కలిపి తీసివేసి బ్యాంకులో వేసేది ఒకే మొత్తం: 988 డాలర్లు. దుకాణదారు ఆ 988నే అమ్మకంగా రాసేస్తుంది. నిజానికి ఖర్చులూ వాపసులూ పోను ఆమెకు మిగిలింది 918. తేడా 70, అది ఆమె సొమ్ము కాదు, రాష్ట్రానికి కట్టాల్సిన పన్ను. తనది కాని డబ్బును ఆదాయంగా చూపించి దానిమీదా ఆదాయపు పన్ను కడుతుంది, రేపు రాష్ట్రానికి కట్టాల్సి వచ్చినప్పుడు చేతిలో ఉండదు. పన్నెండు నెలలు ఇలా సాగితే పద్దులు ఎంత చెడతాయో ఊహించుకోవచ్చు.

ఈ లెక్క తెలిసినవాళ్లే పై రెండో వాక్యం రాయగలరు. అందుకే పరిచయం రాయడం ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితుడికి అప్పగించే పని కాదు. వ్యాకరణం ఆయన చూస్తాడు, లోపలి సరుకు మీదే కావాలి. పైగా ఇతరుల పరిచయాన్ని ఎత్తి రాసుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఒకే వాక్యం పక్కపక్క ప్రొఫైళ్లలో చూసిన క్లయింటు ఇద్దరినీ నమ్మదు.

లోపలికి వచ్చాక ఆవిడ మనసులో ఉండేది భయం. ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉన్న, ఎవరూ మెచ్చుకుని ఒక్క మాట రాయని మనిషికి నా బ్యాంకు లెక్కలు చూపించాలా? పరిచయంలోని తరువాతి పేరాలన్నీ ఈ ప్రశ్నకు జవాబుగా ఉండాలి. నేను నిజాయితీపరురాలిని అంటే ఆ భయం పోదు, ఆ మాట మోసగాడూ రాస్తాడు. భయపడే అవసరమే లేకుండా పని ఎలా సాగుతుందో చెబితే పోతుంది. మన అమ్మాయి రాయదగ్గ అతి విలువైన వాక్యం ఇది:

```
I never need your bank password.
Invite me as an accountant user; you can remove me anytime.
```

క్విక్‌బుక్స్ ఆన్‌లైన్‌లో యజమాని ఇద్దరు అకౌంటెంట్ యూజర్లను అదనపు రుసుము లేకుండా ఆహ్వానించవచ్చు, ఇష్టం లేనప్పుడు తీసేయవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్లు పీడీఎఫ్ రూపంలో పంపితే చాలు. సాఫ్ట్‌వేర్ లోపల పనిచేసినవాళ్లకే తెలిసే సంగతి ఇది. అందుకే ఈ రెండు వరుసలు ఆమె పని తెలిసిన మనిషని చెబుతాయి, భద్రత గురించి ఆలోచించే మనిషని కూడా చెబుతాయి.

దాని తరువాత మొదటి వారం ఎలా ఉంటుందో మూడు నాలుగు వాక్యాల్లో రాయాలి. ముందు పుస్తకాలను చూసి, ఏ నెల నుంచి తేడా మొదలైందో కనిపెట్టి, ఒక పేజీలో ప్రశ్నల పట్టిక పంపుతుంది. యజమాని జవాబులు ఇచ్చాకే దేన్నైనా మారుస్తుంది. ఒక నెల సరిచేసి చూపిస్తుంది, నచ్చితే మిగతా నెలలు. పనిని ఇలా ఒక నెలకు కుదించడం కొత్తవాళ్లకు చాలా మంచిది. క్లయింటు పెట్టాల్సిన డబ్బు తక్కువ, పోయేదీ తక్కువ, కాబట్టి ఒప్పుకోవడం తేలిక.

తరువాత తన హద్దు. పన్ను రిటర్నులు నేను వేయను, అది మీ సీపీఏ పని, ఆయనకు కావలసిన శుభ్రమైన పద్దులు నేను సిద్ధం చేస్తాను. ఇలా రాస్తే పని పోతుందేమోనని చాలామంది భయపడి, పన్నులు, పేరోలు, ఆడిటు, ఆర్థిక సలహా అన్నీ చేస్తానంటారు. అమెరికాలో సీపీఏ అన్నది లైసెన్సు ఉన్న వృత్తి. సీఏ ఇంటర్‌ను దానికి సమానమని అనిపించేలా రాయడం అబద్ధం, ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. ఏది చేయనో చెప్పిన మనిషి, చేస్తానన్నది నిజంగా చేస్తుందని చదివేవాళ్లకు అనిపిస్తుంది.

అనుభవం సంగతేమిటి? అప్‌వర్క్‌లో సున్నా అన్నది దాచలేం, అది పక్కనే కనిపిస్తుంది. నేను కొత్త, దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి అనకూడదు. ఆ మాటతో క్లయింటు జాలిపడవచ్చు, పద్దులు మాత్రం అప్పగించదు. అప్‌వర్క్‌కు కొత్త, పద్దులకు కాదు, నాలుగేళ్లు ఒక ఆడిటర్ ఆఫీసులో చిన్న వ్యాపారాల పుస్తకాలు రాశాను అని ఒక్క వాక్యం, అదీ పరిచయం మధ్యలో, చాలు. ఆ నాలుగేళ్లు ఉద్యోగ చరిత్ర విభాగంలో తేదీలతో కనిపించాలి. పరిచయంలో నాలుగేళ్లని, కింద రెండేళ్లని ఉంటే అక్కడితో కథ ముగిసినట్టే. పాత యజమాని ఒప్పుకుంటే, అప్‌వర్క్ బయటి పనికి సిఫారసు మాట రాయించుకునే ఏర్పాటు కూడా ప్రొఫైల్‌లో ఉంది. కొత్తవాళ్లలో చాలామంది దాన్ని వాడుకోరు, వాడుకోవాలి.

రుజువుగా ఇంకో రెండు పెట్టవచ్చు. క్విక్‌బుక్స్ తయారుచేసే ఇంట్యూట్ సంస్థ ప్రోఅడ్వైజర్ పేరిట శిక్షణ, పరీక్ష ఉచితంగా ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ పేరు అమెరికా దుకాణదార్లలో చాలామందికి తెలుసు, సీఏ ఇంటర్ తెలియదు. రెండోది, పైన మనం చూసిన 988 డాలర్ల లెక్కలాంటి ఒక నమూనా. కల్పిత అంకెలతో, తప్పుగా రాసిన నెల ఎడమపక్క, సరిచేసిన నెల కుడిపక్క, ఒకే పేజీ. సాధన కోసం క్విక్‌బుక్స్‌లోనే ఒక నమూనా కంపెనీ దొరుకుతుంది, దానిలో చేసి చూపించవచ్చు. నిజమైన క్లయింటు పుస్తకాల్ని, పేరు కొట్టేసి అయినా సరే, నమూనాగా పెట్టకండి. ఇంకొకరి లెక్కలు బయటపెట్టిన మనిషి తన లెక్కలూ బయటపెడుతుందని ఒహైయో ఆవిడకు వెంటనే తడుతుంది.

చివరి పేరాలో సమయం. భారత కాలమానం అని రాసి లెక్క వాళ్లకు వదిలేయకండి. న్యూయార్క్ సమయం ఉదయం 9 నుంచి 11 వరకు మాటకు దొరుకుతాను అని రాయండి. చలికాలంలో అది మనకు రాత్రి 7:30 నుంచి 9:30, వాళ్ల గడియారం మారే వేసవిలో గంట ముందు. పిల్లలున్న ఇంట్లో, ఉద్యోగం చేసి వచ్చాక, ఆ వేళ నిజంగా ఖాళీ ఉంటుందా అని చూసుకునే రాయాలి.

ఫోన్ నంబరు, వాట్సాప్, ఈమెయిల్ పరిచయంలో రాయకూడదు. మన రెజ్యూమెలో అవే మొదట ఉంటాయి కాబట్టి చెయ్యి అలవాటుగా అటే పోతుంది. కాంట్రాక్టుకు ముందు బయట సంప్రదించుకోవడం అప్‌వర్క్ నిబంధనలకు విరుద్ధం, ఖాతా మీదికే వస్తుంది. గంట ధర విషయమూ చెప్పాలి. అక్కడ కనీస ధర గంటకు 3 డాలర్లు. కొత్త కదా అని ఆ మూడు పెడితే, బ్యాంకు లెక్కలు అప్పగించేవాళ్లు తక్కువ ధర చూసి సంతోషించరు, జంకుతారు. ఇంత జాగ్రత్తగా రాసిన టైటిల్ పక్కన ఆ అంకె దాన్ని అబద్ధం చేస్తుంది.

ఇదంతా చేసినా వెతుకులాటలోనే మొదటి పని వస్తుందని మాట ఇవ్వలేను. క్లయింట్లు ఇప్పటిదాకా ఇంత సంపాదించినవాళ్లు, పని విజయాల శాతం ఇంత ఉన్నవాళ్లు అని వడపోత పెట్టుకోగలరు. ఆ వడపోత పెట్టిన క్షణం సున్నా ఉన్న మనిషి జాబితాలోంచి మాయమవుతుంది, టైటిల్ ఎంత బాగున్నా. చాలామందికి మొదటి పని తామే ప్రతిపాదన పంపితే వస్తుంది. అక్కడా ఇదే టైటిల్ మన పేరు పక్కన కనిపిస్తుంది, ఆసక్తి కలిగితే ఇదే పరిచయం తెరుస్తారు. కాబట్టి పని వృథా కాదు. పైగా ప్రతి ప్రతిపాదనకూ కనెక్ట్స్ ఖర్చవుతాయి, అవి డబ్బుతో కొనేవి. బలహీనమైన ప్రొఫైల్‌తో ప్రతిపాదనలు పంపడం అంటే ఆ డబ్బు పారబోసుకోవడమే. ముందు ప్రొఫైల్, తరువాతే ప్రతిపాదనలు.

తప్పు ఎక్కడుందో తెలుసుకునే దారి ఒకటుంది. ప్రతిపాదనల్ని అసలు తెరిచి చూడటమే లేదంటే లోపం టైటిల్‌లోనో, ప్రతిపాదన మొదటి వరుసలోనో, ధరలోనో ఉంది. తెరుస్తున్నారు, ప్రొఫైల్ చూస్తున్నారు, జవాబు మాత్రం లేదంటే పరిచయంలో భయం తీరలేదన్నమాట. ఒకసారికి ఒక్కటే మార్చండి, కొన్ని వారాలు ఆగి చూడండి. టైటిల్, పరిచయం, ధర మూడూ ఒకే రాత్రి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి పని పూర్తయ్యాక పరిచయంలో ఒక వాక్యం మార్చండి. అప్‌వర్క్‌కు కొత్త అన్న మాట తీసేసి, ఆ చోట చేసిన పనిని అంకెతో రాయండి: ఏ తరహా దుకాణం, ఎన్ని నెలల పద్దులు, ఎన్ని రోజుల్లో. క్లయింటు పేరు రాయకండి.